√(n² + n) − n అవధి 0 ఎందుకు కాదు, 1/2 ఎలా అవుతుంది?

ప్రశ్న: నేను గాజువాక నుంచి, బీఎస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. √(n² + n) − n అవధి 1/2 అని క్లాసులో రేషనలైజ్ చేసి చూపించారు. కానీ n చాలా పెద్దదైతే n² ముందు n ఒక లెక్కా? అప్పుడు √n² − n అంటే 0 రావాలి కదా. కంప్యూటర్‌లో n = 10^17 వేసి చూస్తే నిజంగానే 0.0 వచ్చింది. ఇంతకీ ఏది కరెక్ట్? పరీక్షలో ఎంతవరకు రాస్తే ఫుల్ మార్కులు వేస్తారు? సార్, మేడమ్ ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:

అవధి 1/2. క్లాసులో చెప్పిందే సరైనది. కంప్యూటర్ చూపించిన 0.0 ఆ అనుక్రమం విలువ కాదు. అంత పెద్ద సంఖ్యలు దాచుకోవడానికి దాని దగ్గర అంకెలు చాలక వచ్చిన ఫలితం అది. "n² ముందు n ఒక లెక్కా" అన్న మీ ఆలోచన మాత్రం పూర్తిగా తప్పు కాదు. భాగహారం చేసేటప్పుడు అది పనికొస్తుంది, తీసివేత చేసేటప్పుడు పనికిరాదు. రేషనలైజ్ చేయడమంటే ఇక్కడ జరిగేది కూడా అదే: తీసివేతను తప్పించి, లెక్కను భాగహారంలోకి, కూడికలోకి మార్చుకోవడం.

నేను విశాఖలోనే డిగ్రీ పిల్లలకు రియల్ ఎనాలిసిస్ చెబుతాను. ఈ లెక్క చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు సరిగ్గా మీ ప్రశ్నే అడుగుతారు. అడగని వాళ్ళ గురించే నాకు ఎక్కువ బెంగ. ఎందుకంటే వాళ్ళు మెట్లు బట్టీ పట్టేసి, కొంచెం మారిన లెక్క వస్తే ఆగిపోతారు. అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

ముందు 0 అనే వాదన ఎక్కడ జారిపోతోందో చూద్దాం

√(n² + n) ని n తో భాగిస్తే √(1 + 1/n) వస్తుంది. n పెరిగేకొద్దీ అది 1 కి దగ్గరవుతుంది. అంటే √(n² + n), n రెండూ నిష్పత్తిలో దాదాపు సమానం. ఇంతవరకు నిజమే. కానీ నిష్పత్తి 1 కి వెళ్ళినంత మాత్రాన తేడా 0 కి వెళ్ళాలని ఎక్కడా లేదు. n + 5, n ల నిష్పత్తి కూడా 1 కే వెళుతుంది, తేడా మాత్రం ఎప్పుడూ 5 గానే ఉంటుంది. మీరు నిష్పత్తి గురించి తెలిసిన విషయాన్ని తేడాకి అంటగట్టారు. జారుడు అక్కడే ఉంది.

ఇదే సంగతి ఇంకో రకంగా కూడా కనిపిస్తుంది. మన పదాన్ని n(√(1 + 1/n) − 1) అని రాయండి. బ్రాకెట్‌లో ఉన్నది 0 కి వెళుతోంది, బయట ఉన్న n అనంతానికి వెళుతోంది. మీరు లోపలి 1/n ని 0 చేసేసి, బయటి n ని మాత్రం అలాగే ఉంచారు. ఒకే n రెండు చోట్ల ఉన్నప్పుడు ఒక చోట మాత్రమే అవధికి పంపడం కుదరదు. పంపితే రెండూ ఒకేసారి వెళ్ళాలి.

మీ వాదనకి ఒక పరీక్ష పెడదాం. √(n² + 6n) − n తీసుకోండి. మీరు చెప్పిన పద్ధతిలో అయితే దీని అవధి కూడా 0 రావాలి. కానీ (n + 2)² అంటే n² + 4n + 4. n కనీసం 2 అయితే n² + 6n దానికంటే తక్కువ కాదు, ఎందుకంటే రెండింటి తేడా 2n − 4. కాబట్టి రెండో పదం నుంచి ప్రతి పదమూ కనీసం 2 ఉంటుంది. కనీసం 2 ఉండే పదాలు 0 కి ఎలా వెళతాయి? వెళ్ళవు. (నిజానికి దాని అవధి 3.) ఏదైనా వాదన మీద అనుమానం వస్తే, అదే వాదనని జవాబు చూడగానే తెలిసే ఇంకో లెక్క మీద పెట్టి చూడడం నేను క్లాసులో తరచూ చేయించే పని.

ఇప్పుడు రేషనలైజ్ చేద్దాం

స్కూల్లో 1/(√3 − √2) లాంటివి ఇచ్చి హారంలోని కరణిని తీసేయమనేవారు, గుర్తుండే ఉంటుంది. ఇక్కడ హారం ఏమీ లేదు కదా, ఏం రేషనలైజ్ చేయాలి అని కొందరు తడబడతారు. హారం 1 అనుకోండి. ఈసారి మనం శుభ్రం చేసేది లవాన్ని, కరణి హారంలోకి దిగుతుంది. పైనా కిందా √(n² + n) + n తో గుణిస్తాం:

```
√(n² + n) − n
= (√(n² + n) − n)(√(n² + n) + n) / (√(n² + n) + n)
= (n² + n − n²) / (√(n² + n) + n)
= n / (√(n² + n) + n)
= 1 / (√(1 + 1/n) + 1)
```

మొదటి మెట్టులో మనం గుణించింది నిజానికి 1 తోనే. √(n² + n) + n ఎప్పుడూ ధన సంఖ్యే కాబట్టి దానితో భాగించడానికి భయం లేదు. ఈ మాట ఒక లైను రాస్తే మంచిది.

అసలు పని జరిగేది మూడో లైన్లో. (a − b)(a + b) = a² − b² వల్ల n² లు రెండూ కొట్టుకుపోయి n ఒక్కటే మిగిలింది. ఇక్కడ కాసేపు ఆగండి. మొదట్లో మన దగ్గర రెండు పెద్ద సంఖ్యలు ఉన్నాయి, వాటి తేడా చాలా చిన్నది. ఆ చిన్న తేడా ఎంతో తెలియకపోవడమే మన సమస్య. ఇప్పుడు ఆ తీసివేతని బీజగణితంలోనే, ఒక్క పిసరు కూడా పోకుండా, కచ్చితంగా చేసేశాం. ఇక మిగిలినవి ఒక కూడిక, ఒక భాగహారం. ఆ రెండూ అవధి తీసుకునేటప్పుడు ఇబ్బంది పెట్టవు.

చివరి మెట్టులో పైనా కిందా n తో భాగించాం. ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఈ మెట్టులోనే. వర్గమూలం బయట ఉన్న n లోపలికి వెళ్ళాలంటే n² అయి వెళ్ళాలి. కాబట్టి √(n² + n)/n అంటే √((n² + n)/n²), అంటే √(1 + 1/n). కంగారులో లోపల కూడా n తోనే భాగించి √(n + 1) అని రాసేస్తారు. అలా రాస్తే హారం అనంతానికి వెళ్ళి జవాబు 0 వస్తుంది. మీ మనసులో ముందే 0 ఉంది కాబట్టి తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు. అందుకే ఈ మెట్టు దగ్గర n = 1 వేసి సరిచూసుకోండి. అసలు పదం √2 − 1, చివరి రూపం 1/(√2 + 1). రెండూ 0.4142 దగ్గరే ఉన్నాయి, సరిపోయింది. కానీ n = 1 దగ్గర √(n + 1), √(1 + 1/n) రెండూ √2 యే అవుతాయి కాబట్టి ఈ ప్రత్యేకమైన తప్పు అక్కడ దొరకదు. n = 2 కూడా వేయండి. అసలు విలువ √6 − 2, అంటే సుమారు 0.4495. తప్పు రూపం 1/(√3 + 1) అంటే 0.3660. అక్కడ పట్టుబడిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. n/(√(n² + n) + n) దగ్గరకొచ్చాక ఒక అమ్మాయి పేపర్లో "n² తో పోలిస్తే n చిన్నది కాబట్టి హారం సుమారు n + n, జవాబు n/2n = 1/2" అని రాసింది. పక్కనున్న కుర్రాడు సరిగ్గా ఆ మాటే మొదటి లైన్లో రాసి 0 తెచ్చాడు. ఒకే మాటకి ఒకరికి ఒప్పు, ఇంకొకరికి తప్పు ఎందుకు పెట్టారని ఇద్దరూ నా దగ్గరకు వచ్చారు. మొదటి లైన్లో ఆ ఉజ్జాయింపు వల్ల జరిగే పొరపాటు సుమారు 1/2. మనం వెతుకుతున్న జవాబు కూడా 1/2. అంటే పొరపాటు, జవాబు రెండూ ఒకే సైజు, కాబట్టి జవాబు మొత్తం మాయమైంది. హారంలో చేసినప్పుడు కూడా పొరపాటు 1/2 యే, కానీ అక్కడ పక్కన ఉన్నది 2n. అంత పెద్ద సంఖ్యలో అర పోయినా నిష్పత్తికి ఏమీ కాదు. మీ ఆలోచన చెల్లేది కూడా అక్కడే, రేషనలైజ్ చేసిన తరవాత.

చివరి అడుగుకి రుజువు

√(1 + 1/n) అవధి 1 అని రాయడానికి వర్గమూల ప్రమేయం అవిచ్ఛిన్నమని చెప్పవచ్చు. కానీ అనుక్రమాల అధ్యాయం మీకు సాధారణంగా అవిచ్ఛిన్నత కంటే ముందే వస్తుంది. అందుకే శాండ్‌విచ్ సిద్ధాంతంతో చేయడం నాకు ఇష్టం. 1 కంటే పెద్ద సంఖ్య ఏదైనా దాని వర్గమూలం ఆ సంఖ్య కంటే చిన్నది, 1 కంటే పెద్దది. కాబట్టి

```
1 < √(1 + 1/n) < 1 + 1/n
```

అన్నిటికీ 1 కలిపి, వ్యుత్క్రమాలు తీసుకుంటే గుర్తులు తిరగబడతాయి:

```
1/(2 + 1/n) < √(n² + n) − n < 1/2
```

ఎడమ చివర 1/2 కి వెళుతుంది, కుడి చివర 1/2 గానే ఉంది. మధ్యలో ఉన్నదానికి వేరే దారి లేదు. కుడివైపు చూడండి, ఏ పదమూ 1/2 ని చేరదు, దాటదు. పైగా n పెరిగితే 1 + 1/n తగ్గుతుంది, హారం తగ్గుతుంది, పదం పెరుగుతుంది. అంటే ఇది ఆరోహణ అనుక్రమం. మొదటి పదమే 0.414, అక్కడి నుంచి పైకే పోతుంది. ఒక్క ఈ కారణం చాలు, అవధి 0 కాదని చెప్పడానికి.

విలువలు కూడా చూడండి. n = 10 కి 0.488088, n = 100 కి 0.498756, n = 1000 కి 0.499875. n పది రెట్లు అయిన ప్రతిసారీ 1/2 కి ఉన్న లోటు సుమారు పదో వంతు అవుతోంది. ఆ లోటు దాదాపు 1/(8n). ఆ 8 ఎక్కడిదో కింద తేలుతుంది.

ఎప్సిలాన్ అడిగితే

కొన్ని పేపర్లలో "నిర్వచనం ద్వారా చూపండి" అంటారు. అప్పుడు 1/2 కి, పదానికి ఉన్న లోటు ఎంతో కావాలి. రాతకి తేలికగా √(1 + 1/n) ని s అందాం. లోటు

```
1/2 − 1/(s + 1) = (s − 1) / (2(s + 1))
```

పైన మళ్ళీ s − 1 అనే తీసివేత వచ్చింది, అదీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండు సంఖ్యల మధ్య. మందు మనకి తెలిసిందే, s + 1 తో గుణించి భాగించడం. s² − 1 అంటే 1/n కాబట్టి s − 1 = 1/(n(s + 1)). కనుక

```
1/2 − (√(n² + n) − n) = 1 / (2n(s + 1)²) < 1/(8n)
```

s అనేది 1 కంటే పెద్దది, కాబట్టి (s + 1)² అనేది 4 కంటే పెద్దది. 8 వచ్చింది అందుకే. ఇక ε > 0 ఇస్తే, 1/(8ε) కంటే పెద్ద పూర్ణసంఖ్య N ని తీసుకుంటే సరిపోతుంది.

ε = 0.01 అనుకోండి. 1/(8ε) అంటే 12.5, కాబట్టి N = 13. నిజంగా చూద్దాం. n = 13 కి √182 − 13 సుమారు 0.49074, లోటు 0.00926, 0.01 లోపే ఉంది. n = 12 కి √156 − 12 సుమారు 0.489996, లోటు 0.010004, చూడండి, వెంట్రుకవాసిలో బయటపడింది. మనం వాడిన హద్దు ఎంత గట్టిదో దీన్ని బట్టి తెలుస్తుంది.

అయితే పరీక్షకి ఇంత గట్టి హద్దు అక్కర్లేదు. పైన శాండ్‌విచ్‌లో వచ్చిన ఎడమ హద్దుతో లోటు 1/(4n) కంటే తక్కువని రెండు లైన్లలో వస్తుంది. అప్పుడు N ని 1/(4ε) కంటే పెద్దగా తీసుకుంటారు, ε = 0.01 కి N = 26. అది కూడా నూటికి నూరు పాళ్ళూ సరైన రుజువే. నిర్వచనం ఏదో ఒక N ఉండాలంటుంది తప్ప అతి చిన్న N కావాలని అనదు. ఈ విషయం తెలియక చాలామంది పరీక్ష హాల్లో అనవసరంగా టెన్షన్ పడతారు.

1/2 ని కళ్ళతో చూడాలంటే

మెట్లు అన్నీ అర్థమైనా "ఆ సగం ఎక్కడి నుంచి ఊడిపడింది" అన్న వెలితి కొందరికి ఉండిపోతుంది. దానికి స్థలం లెక్క ఒకటి చెబుతాను. మధురవాడలో 100 అడుగుల వెడల్పు, 101 అడుగుల పొడవు ఉన్న స్థలం ఉందనుకుందాం. దాని వైశాల్యం 10,100 చదరపు అడుగులు, అంటే n(n + 1), అంటే n² + n. అంతే వైశాల్యం ఉన్న చతురస్రపు స్థలం కావాలంటే భుజం ఎంత ఉండాలి? √10100. మన అనుక్రమంలోని నూరో పదం అడిగేది ఆ భుజం 100 కంటే ఎంత ఎక్కువ అని.

100 × 100 చతురస్రాన్ని పక్కన పెడితే మిగిలేది అడుగు వెడల్పున్న ఒక పట్టీ, పొడవు 100. ఆ పట్టీని నిలువునా రెండుగా చీల్చండి, ఒక్కోటి అర అడుగు వెడల్పు. ఒకటి చతురస్రానికి ఒక పక్క, రెండోది ఆనుకుని ఉన్న ఇంకో పక్క అంటించండి. ఇప్పుడు దాదాపు 100.5 × 100.5 చతురస్రం వచ్చేసింది. ఒక మూల మాత్రం అర అడుగుకి అర అడుగు ఖాళీ, అంటే పావు చదరపు అడుగు లోటు. n² + n = (n + 1/2)² − 1/4 అంటే బొమ్మలో ఇదే. దీర్ఘచతురస్రాన్ని చతురస్రంగా మార్చడానికి బౌధాయన శుల్బసూత్రంలో చెప్పిన పద్ధతి కూడా ఈ చీల్చి అంటించడమే. మిగిలిన మూలని అక్కడ పెద్ద చతురస్రంలోంచి చిన్న చతురస్రాన్ని తీసివేసే పద్ధతితో సరిచేస్తారు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, స్థలం ఎంత పెద్దదైనా మూలలోని లోటు ఆ పావు చదరపు అడుగే, పెరగదు. ఆ పావుని పూడ్చడానికి భుజం 100.5 నుంచి కొంచెం తగ్గాలి. దాదాపు 201 అడుగుల అంచు పొడవునా ఆ పావు పంచుకుంటుంది కాబట్టి తగ్గేది 0.25/201, సుమారు 0.001244 అడుగులు. 0.5 లోంచి 0.001244 తీస్తే 0.498756. పైన రాసిన నూరో పదం అదే. n పెరిగితే అంచు పెరుగుతుంది, లోటు పావు దగ్గరే ఉంటుంది, కాబట్టి తగ్గేది 0 కి పోతుంది, భుజం n + 1/2 కి అతుక్కుపోతుంది. మీరు "లెక్కలోకి రాదు" అన్న n అడుగుల పట్టీ ఉంది చూశారా, ప్రతిసారీ భుజానికి అర అడుగు చేర్చేది అదే.

మరి కంప్యూటర్ 0.0 ఎందుకు చూపించింది?

మీరు వేసింది బహుశా ఇలా ఉండి ఉంటుంది. దాని కింద రెండో లైను కూడా కలిపి నడిపి చూడండి:

```python
from math import sqrt
n = 10**17
print(sqrt(n*n + n) - n)
print(n / (sqrt(n*n + n) + n))
```

మొదటిది 0.0 చూపిస్తుంది, రెండోది 0.5. రెండూ గణితంలో ఒకే విలువ, యంత్రంలో మాత్రం కాదు. పైథాన్‌లో వర్గమూలం మామూలుగా 53 బిట్ల కచ్చితత్వంతో వస్తుంది, అంటే మన లెక్కలో దాదాపు 16 అంకెలు. n² + n అనే సంఖ్య ఇక్కడ 1, తరవాత 16 సున్నాలు, మళ్ళీ 1, ఆపైన మరో 17 సున్నాలు. దాన్ని కచ్చితంగా రాయాలంటే 18 అంకెలు దాచుకోవాలి. దాచుకోలేక ఆ రెండో 1 ని వదిలేస్తుంది. అంటే n² + n కి బదులు n² కే వర్గమూలం తీసినట్టయింది. ఒకవేళ n² + n ని సరిగ్గా దాచుకున్నా లాభం లేదు. 10^17 దగ్గర యంత్రం రాయగలిగే పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం 16. అక్కడ 10^17 + 0.5 అనే సంఖ్యకి చోటే లేదు.

సరిగ్గా మీరు చేసిన పనే యంత్రమూ చేసింది: పెద్ద సంఖ్య ముందు చిన్నదాన్ని వదిలేసి, ఆ తరవాత తీసివేసింది. రెండో లైన్లో కూడా అదే వర్గమూలం, అదే పొరపాటు ఉన్నాయి. కానీ అక్కడ తీసివేత లేదు, 10^17 కి ఇంకో 10^17 కలిపి భాగించడమే. అందుకే పొరపాటు జవాబు దాకా రాలేదు. సంఖ్యాత్మక పద్ధతుల పేపర్లో మీకు దీన్నే ముఖ్యమైన అంకెలు పోవడం అని చెబుతారు. ఇలాంటి ఫలితం మీద అనుమానం వస్తే n ని ఒక్కసారిగా 10^17 కి తీసుకుపోకుండా 10, 100, 1000 అంటూ పెంచుతూ పోండి. 0.488, 0.4988, 0.49988 అని నిలకడగా పెరుగుతున్న విలువ ఎక్కడో హఠాత్తుగా గంతులేసి 0 అయిందంటే, అది అనుక్రమం పని కాదు, యంత్రం పని.

ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ అక్కర్లేదు

వర్గమూలంలోపల, బయట ప్రధాన పదాలు కొట్టుకుపోయేటప్పుడే ఈ పద్ధతి కావాలి. √(n² + an + b) − n అయితే రేషనలైజ్ చేశాక లవంలో an + b మిగులుతుంది, అవధి a/2. √(n² + 1) − n లో a లేదు కాబట్టి నిజంగానే 0. √(4n² + n) − 2n కి 1/4. కానీ √(4n² + n) − n ఇస్తే రేషనలైజ్ చేయడం వృథా శ్రమ. వర్గమూలం 2n కంటే పెద్దది కాబట్టి తేడా n కంటే పెద్దది, అనంతానికి పోతుంది, ఒక్క లైన్లో అయిపోయింది. అనంతం నుంచి అనంతం తీసివేత కనిపించగానే చేయి దానంతట అదే కాంజుగేట్ రాయడం మొదలుపెట్టకూడదు. ముందు ప్రధాన పదాలు నిజంగా కొట్టుకుపోతున్నాయా అని చూడాలి.

ఘనమూలం వస్తే ఈ కాంజుగేట్ పనిచేయదు. ∛(n³ + n²) − n లో a ని ఘనమూలం, b ని n అనుకుంటే, గుణించాల్సింది a + b తో కాదు, a² + ab + b² తో. అప్పుడు లవం a³ − b³, అంటే n². హారంలోని మూడు పదాలనీ n² తో భాగిస్తే ఒక్కోటీ 1 కి వెళుతుంది, అవధి 1/3.

ఇంకో జాగ్రత్త. పూర్ణసంఖ్య n బదులు వాస్తవ చరరాశి x ఇచ్చి, x ని రుణ అనంతానికి పంపమంటే √(x² + x) − x కి 1/2 రాదు. అక్కడ −x ధన సంఖ్య, కాబట్టి రెండు పెద్ద ధన సంఖ్యల మొత్తం అవుతుంది, అనంతానికి పోతుంది. అప్పుడు రేషనలైజ్ చేయాల్సింది √(x² + x) + x ని, దాని అవధి −1/2. √x² అంటే x కాదు, |x| అని మరిచిపోతే గుర్తు తప్పుతుంది. మన అనుక్రమంలో n ఎప్పుడూ ధనమే కాబట్టి √n² = n అని నిశ్చింతగా రాశాం.

పరీక్షలో ఎంత రాయాలి

చిన్న ప్రశ్నగా వస్తే పైన పెట్టిన అయిదు లైన్లు, హారం ధనం అన్న ఒక్క మాట, 1/n → 0 కాబట్టి √(1 + 1/n) → 1 అన్న కారణం, చివర 1/2. అంతకంటే అక్కర్లేదు. "అభిసరిస్తుందని చూపి అవధి కనుక్కోండి" అని పెద్ద ప్రశ్నగా ఇస్తే శాండ్‌విచ్ అసమానతలు తప్పకుండా రాయండి. దిద్దేవాళ్ళు చూసేది అక్కడే. నిర్వచనం అన్న మాట ప్రశ్నలో ఉంటే మాత్రం ε, N కనిపించాలి, శాండ్‌విచ్‌తో ఆపేస్తే మార్కులు తగ్గుతాయి. మధ్యలో ఎక్కడా ∞ − ∞ = 0 అని గానీ, ∞/∞ = 1 అని గానీ రాయకండి. జవాబు సరిగ్గా వచ్చినా ఆ లైను కింద ఎర్ర గీత పడుతుంది. lim గుర్తుని కూడా అవధి తీసుకునే చివరి లైను దాకా ప్రతి లైన్లోనూ మోసుకుపోండి, లేదా మొదట పదాన్ని మాత్రమే సరళం చేసి ఆఖర్లో ఒక్కసారి lim రాయండి. సగం లైన్లలో ఉండి సగం లైన్లలో లేకపోతే n ఇంకా పేపర్ మీద ఉండగానే "= 1/2" అని రాయాల్సి వస్తుంది. ఏ పదమూ 1/2 కి సమానం కాదని పైన మనమే చూపించాం కాబట్టి ఆ సమాన గుర్తు తప్పవుతుంది.